ముందు కుంచం, తర్వాత డౌన్‌లోడ్

మా ఊళ్ళలో పెద్దవాళ్ళు సంతకి చోళ్ళు, పసుపు తీసుకెళ్ళే ముందు ఇంట్లోనే ఒకసారి కొలిచి చూసుకుంటారు. సంతలో షావుకారు కొలతే మొదటి కొలత అయితే నష్టం మనదే అని వాళ్ళకి అనుభవం మీద తెలుసు. చదువుకుని పంతుళ్ళమైన మేము మాత్రం ఆ మాట మొబైల్ డేటా దగ్గర మర్చిపోయాం. మాకు బుద్ధి వచ్చిన రాత్రి గురించి, ఆ తర్వాత మేము తయారు చేసుకున్న కుంచం గురించి ఇక్కడ రాస్తున్నాం.

మాది ఏజెన్సీలో కొండ వెనకున్న ఆశ్రమ పాఠశాల. బడి దగ్గర సిగ్నల్ రాదు. సాయంత్రం పూట మాలో ఒకరు చింతచెట్టు గట్టు దాకా ఎక్కి, కావలసిన పాఠాల వీడియోలు ఫోన్లోకి దించుకుని వస్తారు. మర్నాడు వాటిని పిల్లలకి చూపిస్తాం. ఆ ఏడాది పదో తరగతి పిల్లలకి విద్యుత్ పాఠంలో నిరోధాలను శ్రేణిలోనూ సమాంతరంగానూ కలపడం అర్థం కావడం లేదు. పరీక్ష రెండు రోజుల్లో ఉంది. 42 నిమిషాల మంచి వీడియో ఒకటి దొరికింది. మా ప్యాకు రోజుకి 1.5 జీబీ, అంటే సుమారు 1500 ఎంబీ. అప్పటికే 950 ఎంబీ దాకా అయిపోయింది. ఇంకా 550 ఉంది కదా అని, బొమ్మ బాగా కనబడాలని 720p నొక్కేశాం. ముప్పావు వంతు దాటాక డేటా అయిపోయి డౌన్‌లోడ్ ఆగిపోయింది. సగంలో ఆగిన ఫైలు తెరుచుకోలేదు. 550 ఎంబీ పోయింది, పాఠం రాలేదు. మర్నాడు పొద్దున్న పిల్లలు టీవీ ముందు చాపలు పరుచుకుని కూర్చున్నారు. వాళ్ళకి ఏం చెప్పాలో మాకు తోచలేదు.

ఆ రోజే లెక్క వేయడం మొదలుపెట్టాం. వీడియో ఒక్కో సెకనుకి ఎంత సమాచారం వాడుతుందో దాన్ని బిట్‌రేట్ అంటారు. ఆ అంకెని సెకన్లతో గుణిస్తే మొత్తం పరిమాణం రావాలి. మా లెక్కల మాస్టారు 720pకి సెకనుకి సుమారు 2 మెగాబిట్లు అనుకుని, 42 నిమిషాల్లోని 2520 సెకన్లతో గుణించి 5040 అన్నారు. "అయిదు జీబీయా! ఇంకేం చూస్తాం సార్, మానేద్దాం" అన్నారు పక్కనున్న టీచరమ్మ. పొరపాటు ఎక్కడంటే, బిట్‌రేట్ చెప్పేది బిట్లలో, మన ప్యాకు కొలిచేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. 5040ని 8తో భాగిస్తే 630 ఎంబీ. అప్పుడు తెలిసింది, 550 చేతిలో పెట్టుకుని 630 సరుకు మోయబోయామని.

సెకన్లు, ఎనిమిదితో భాగహారం ప్రతిసారీ చేయనక్కర్లేదు. నిమిషానికి 60 సెకన్లు, 60ని 8తో భాగిస్తే 7.5. కాబట్టి మెగాబిట్ల అంకెని 7.5తో గుణిస్తే నిమిషానికి ఎన్ని ఎంబీలో వస్తుంది. రెండు మెగాబిట్లకి 15 ఎంబీ.

అయితే చాలా వీడియోలకి బిట్‌రేట్ ఎంతో తెర మీద కనబడదు. అందుకని మా కుంచం మేమే చేసుకున్నాం. మేము వాడే చోటి నుంచే అయిదు నిమిషాల పాఠం ఒకటి తీసుకుని ఒక్కో నాణ్యతలో దించాం. దించడం అయ్యాక ఫైలు పరిమాణం చూసి 5తో భాగించాం. పరిమాణం చూపించని యాప్ అయితే ఫోన్ సెట్టింగుల్లో డేటా వినియోగం తెరిచి, ఆ యాప్ ఎదురుగా ఉన్న అంకెని ముందొకసారి, తర్వాతొకసారి రాసుకుని తీసివేశాం. 480pలో 41 ఎంబీ అయింది, అంటే నిమిషానికి ఎనిమిది చిల్లర. అలా వచ్చిన మా అంకెలు ఇవి: 144pకి నిమిషానికి 2 ఎంబీ, 240pకి 3, 360pకి 5, 480pకి 8, 720pకి 15, 1080pకి 25 పైన. వీటిని చార్టు మీద రాసి స్టాఫ్ రూములో అంటించాం. మీ అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి, మీరూ ఒకసారి కొలుచుకోండి.

ఇప్పుడు అదే 42 నిమిషాల పాఠం చూడండి. 360pలో 210 ఎంబీ, 480pలో 336, 720pలో 630. చేతిలో 550 ఉంటే 480p హాయిగా వస్తుంది, రెండొందలు మిగులుతుంది కూడా. మరీ పొదుపుగా 360p తీసుకుందామా అంటే, బోర్డు మీద R పక్కన రాసే చిన్న అంకెలు టీవీలో అలికినట్టు కనబడ్డాయి. R1 ఏదో R2 ఏదో తెలియకపోతే ఆ పాఠం చూపించి లాభం లేదు. అందుకని ముందు అర నిమిషం ఆ నాణ్యతలో ఆడించి చిన్న అక్షరాలు చదవగలమా లేదా చూస్తాం. 480pలో దానికయ్యేది 4 ఎంబీయే. మాటలే ముఖ్యమైన తెలుగు పద్యపాఠానికైతే 144p చాలు. అంతకన్నా తగ్గించినా పెద్దగా మిగలదు, ఎందుకంటే శబ్దానికే నిమిషానికి దగ్గర దగ్గర 1 ఎంబీ పోతుంది.

కుంచం తప్పిన రోజూ ఒకటుంది. వార్షికోత్సవానికి పిల్లలకి చూపిద్దామని 20 నిమిషాల థింసా నృత్యం వీడియో 480pలో దించాం. మా లెక్క 160 ఎంబీ, అయింది 240. కారణం ఆలోచిస్తే తెలిసింది. వీడియోలో ప్రతి బొమ్మనీ మొత్తంగా దాచరు. ముందు బొమ్మకీ తర్వాత బొమ్మకీ మధ్య మారిన భాగాన్నే ఎక్కువగా దాస్తారు. బోర్డు ముందు నిలబడి చెప్పే పంతులు దగ్గర కదిలేది చెయ్యి ఒక్కటే. థింసాలో ఇరవై మంది వరసగా ఊగుతుంటే చీరలు, కాళ్ళు, వెనక చెట్లు అన్నీ మారుతూనే ఉంటాయి. మారేది ఎక్కువైతే మోత ఎక్కువ. అప్పటి నుంచి ఆట, పాట, జలపాతం, క్రికెట్ లాంటి వాటికి మా అంకెకి సగం కలిపి లెక్క వేస్తున్నాం. 720p60 అని రాసి ఉంటే సెకనుకి అరవై బొమ్మలు అని అర్థం, దానికీ అలాగే కలుపుతాం.

ఇంకొక్క జాగ్రత్త. గట్టు మీద గాలి వీస్తే సిగ్నల్ పోయి వస్తుంటుంది. కొన్ని యాప్‌లు ఆగిన చోటి నుంచే మళ్ళీ దించుతాయి, కొన్ని మొదటి నుంచి మొదలుపెడతాయి. మొదటి నుంచి మొదలైతే అంతవరకు ఖర్చయిన డేటా తిరిగి రాదు. అందుకని లెక్కకి పదో వంతు అదనంగా ఉంటేనే నొక్కుతాం, లేకపోతే ఒక మెట్టు నాణ్యత తగ్గిస్తాం.

ఆ విద్యుత్ పాఠం సంగతి చెప్పలేదు కదా. మర్నాడు సాయంత్రం 480pలో 340 ఎంబీకి వచ్చింది. మా లెక్కకి 4 ఎంబీ తేడా. పరీక్షకి ముందు రాత్రి, భోజనాలయ్యాక హాస్టల్ టీవీలో పిల్లలు రెండుసార్లు చూశారు. రెండోసారికి డేటా అక్కర్లేదు. ఇప్పుడు ఫోన్ పట్టుకుని గట్టు ఎక్కే పని పదో తరగతి పిల్లలదే. ఎక్కే ముందు నిమిషాలు ఎన్ని, ఏ నాణ్యత, ఎన్ని ఎంబీ, చేతిలో ఎంత ఉంది అని నోటుబుక్కులో రాసి మాకు చూపించి మరీ వెళ్తారు.