అమ్మ వేలిముద్ర చెల్లదన్నరు, నా సంతకం లేదన్నరు

మాది దేవరకొండ దిక్కు ఒక తండా. మా ఇంట్ల కాలేజీ మెట్టు ఎక్కింది నేనే మొదలు. ఇప్పుడు పాతబస్తీల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్న. మన గ్రూపుల ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నరు. వాళ్ల కోసమే ఇది రాస్తున్న. కొంచెం పొడుగున్నా చదవండి.

నాకు పదకొండేళ్లప్పుడు అమ్మ నన్ను ఊరికి దగ్గరున్న బ్యాంకుకు తీసుకపోయి ఖాతా తెరిపిచ్చింది. పాసుబుక్కు మీద నా పేరు, దాని కింద గార్డియన్ అని అమ్మ పేరు ఉండె. పైసలు తియ్యాల్నంటే అమ్మనే పోయి వేలిముద్ర వేసేది. నేను ఎన్నడూ ఒక్క రూపాయి తియ్యలే. పేరు నాది కాబట్టి పెద్దగైనంక నేనే తీసుకోవచ్చు అనుకున్న.

2023 ఆగస్టుల నాకు 18 నిండినయ్. అదే ఏడు డిగ్రీల చేరిన. డిసెంబర్ల పరీక్ష ఫీజు కట్టాలె. అమ్మ పత్తి అమ్మి నా ఖాతాల 5,000 రూపాయలు వేసింది. నేను పాసుబుక్కు, ఆధార్ పట్టుకొని నయాపూల్ దగ్గరున్న అదే బ్యాంకు ఇంకో శాఖకు పోయిన. కౌంటర్ల సారు కంప్యూటర్ చూసి, "బాబూ, ఇది మైనర్ ఖాతా. నీ సంతకం మా దగ్గర లేదు. నువ్వు తియ్యలేవు" అన్నడు. సరే అని అమ్మకు ఫోన్ చేసిన. తెల్లారి ఊరి బ్యాంకుకు అమ్మ పోతే, "మీ కొడుకుకు 18 నిండినయ్ అమ్మా, ఇగ నీ వేలిముద్ర చెల్లదు" అన్నరట. పైసలు వెయ్యనిచ్చిన్రు గాని తియ్యనియ్యలే. పైసలు మావే, ఇద్దరిలో ఎవ్వరం తియ్యలేం. ఫీజుకు గడువు ఇంక నాలుగు రోజులే.

అప్పుడు కోపమొచ్చింది గాని, తర్వాత అర్థమైంది. ఖాతా అంటే బ్యాంకుతో ఒక ఒప్పందం. 18 నిండనోళ్లకు చట్టం ప్రకారం ఒప్పందం చేసే అర్హత లేదు. అందుకే పిల్లల తరఫున గార్డియన్ సంతకం పెడతరు. ఖాతాల పైసలు మాత్రం పిల్లలవే, గార్డియన్‌వి కావు. గార్డియన్ పైసలు వెయ్యొచ్చు, తియ్యొచ్చు, ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యొచ్చు, అయితే అదంతా పిల్లల అవసరం కోసమే చెయ్యాలె. ఖాతాల ఉన్నదానికన్న ఎక్కువ తీసే వీలు లేదు, మైనర్ ఖాతాల అప్పు పెట్టకూడదని రిజర్వు బ్యాంకు నియమం. 18వ పుట్టినరోజుతో ఈ అధికారం అయిపోతది. కొత్త అధికారం నాకు వస్తది గాని దానంతట అది రాదు. నా సంతకం నమూనా, ఖాతా ఇగ నుంచి ఎవరు నడపాలన్న కొత్త ఆదేశం బ్యాంకు రికార్డుల ఎక్కాలె. అవి ఎక్కేదాక పైసలు ఎటూ పోవు, వడ్డీ కూడా పడుతుంటది, కాని చేతికి రావు.

ఎంజీబీఎస్‌ల బస్సెక్కి ఊరికి పోయిన. మొదటిసారి పని కాలే. నా ఆధార్‌ల ఇంకా చిన్నప్పటి ఫొటోనే ఉంది. పదిహేనేళ్లు నిండినంక మళ్ల వేలిముద్రలు, కంటిపాపలు ఇయ్యాలె, అది నేను చేపియ్యలే. దాంట్ల ఇంటిపేరు కూడ పదో తరగతి మెమోల ఉన్నట్టు లేదు. ఆధార్ సరిచేయించుకొని రెండోసారి పోయేసరికి ఫీజు గడువు దాటింది. హాస్టల్ దోస్తు దగ్గర అప్పు తీసుకొని ఫైన్‌తోని కట్టిన.

రెండోసారి జరిగింది ఇది. మైనర్ నుంచి మేజర్‌కు మార్చే ఫారం అడిగి నింపిన. ఆధార్, రెండు ఫొటోలు ఇచ్చిన. పాన్ కార్డు లేదు కాబట్టి దాని బదులు ఫారం 60 ఇచ్చిన. మూడు చోట్ల సంతకం పెట్టిన. గార్డియన్ నడిపిన ఖాతా కాబట్టి అందులో ఎంతుందో చూసి సరే అని ధ్రువీకరించాలె. మా దగ్గర అమ్మ వేలిముద్ర కూడ అడిగిన్రు, అందుకే అమ్మను వెంట తీసుకపోవుడు మంచిదయింది. చివరికి ఫోన్ నంబర్ మార్పిచ్చిన. అప్పటిదాక ఓటీపీలన్నీ తండాల అమ్మ ఫోన్‌కు పోతుండె. ఖాతా నంబర్ మారలే.

ఇప్పుడు నా చెల్లి సంగతి. వచ్చే ఫిబ్రవరి 11న దానికి 18 నిండుతయ్. దాని ఖాతా తెరిచినప్పుడు నాన్న పుణెల కూలికి ఉండె. కౌంటర్ల ఒకాయన నాన్న సంతకం కావాలన్నడు, అమ్మ వాపస్ వచ్చింది. మేనేజర్‌ను అడిగితే అమ్మ చాలు అన్నడు. ఆ మాటకు వెనక పెద్ద కథ ఉంది. రచయిత్రి గీతా హరిహరన్ 1984ల కొడుకు పేరు మీద రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే, తండ్రి సంతకం తెమ్మన్నరు. ఆమె సుప్రీంకోర్టుకు పోయింది. 1999ల కోర్టు, తండ్రి బతికున్నా పిల్లల బాధ్యత ఆయన చూడనప్పుడు తల్లి కూడ సహజ సంరక్షకురాలే అని చెప్పింది. బ్యాంకు ఖాతాల విషయంల అయితే తల్లిని గార్డియన్‌గా పెట్టి తెరవొచ్చని రిజర్వు బ్యాంకు 1976లనే చెప్పింది. తల్లి, తండ్రి ఉండంగ మేనమామ, బాబాయి మాత్రం వచ్చి నడుపుతా అంటే కుదరదు, వాళ్లకు కోర్టు ఇచ్చిన కాగితం ఉండాలె.

చెల్లికి నేను చెప్పింది ఇంతే. జనవరిలనే ఆధార్‌ల ఫొటో, పేరు, పుట్టిన తేదీ మెమోతో కలుస్తున్నయా చూసుకో. ఫిబ్రవరి ఫీజుకు కావలసిన పైసలు 11 కన్న ముందే అమ్మతోని తీపియ్. 11 దాటినంక మొదటి పని దినం అమ్మ, నువ్వు కలిసి బ్యాంకుకు పోండి. స్కాలర్‌షిప్ కూడ అదే ఖాతాల పడుతది కాబట్టి, పడినంక చూద్దాం అనుకోకు.

తమ్మునికి పన్నెండేళ్లు. 2025 ఏప్రిల్ 21న రిజర్వు బ్యాంకు ఇచ్చిన కొత్త ఆదేశాల ప్రకారం పదేళ్లు నిండిన పిల్లలకు సొంతంగా ఖాతా తెరిచి నడిపే వీలు బ్యాంకులు ఇయ్యొచ్చు. ఎంతవరకు తియ్యొచ్చు, కార్డు ఇస్తరా లేదా అన్నది ఆ బ్యాంకు ఇష్టం. 18 నిండితే వాడు కూడ మళ్ల కొత్త సంతకం ఇయ్యాల్సిందే. 18 నిండేవాళ్లకు ఈ సంగతి ముందే తెలియజెయ్యాలని కూడ ఆ ఆదేశాలల్ల ఉంది. కాని ఆ కబురు పోయేది రికార్డుల ఉన్న ఫోన్‌కే. మా ఇంట్ల అది అమ్మ ఫోన్, అమ్మకు చదవరాదు.

మీ ఖాతాల పైసలు ఆగితే, "ఎందుకు ఆగింది?" అని సూటిగా అడగండి. మైనర్ గడువు దాటిందా, కేవైసీ పాతదయిందా, రెండేళ్లు వాడక పడుకుందా? ఈ మూడింటికీ చేసే పని వేరు వేరు. ఏదన్నది తెలుసుకోకుండ బస్సెక్కితే నా లెక్క రెండుసార్లు తిరుగుడైతది.