తెగేదాక లాగకుండ మాట ముగించుడు

మన నీలం నగర్ గల్లీలల్ల మాటకు కరువు లేదు. కార్ఖానా నుంచి వచ్చి స్నానం చేసి గడప ముందట కూసుంటే చాలు, నలుగురు కలుస్తరు. జీతం గురించో, పెండ్లి గురించో, నళ్లా గురించో మాట మొదలైతది. మొదలుపెట్టుడు అందరికీ వస్తది. ఎక్కడ ఆపాలెనో, ఏ మాటతోటి ఆపాలెనో తెలిసినోళ్లు మాత్రం తక్కువ.

నేను ముప్పై ఏండ్లకు పైన సాంచాల మీద పనిచేసిన. సాంచా నడుస్తుంటే పేక పోగు తెగిందనుకోండి, దానంతట అదే ఆగుతది. పోగు ఉన్నదా లేదా అని చూసే చిన్న ఇనుప ఫోర్కు ఒకటి దానికి ఉంటది. అది లేకుంటే సాంచా ఉత్తగనే కొట్టుకుంటనే ఉంటది, బట్ట మాత్రం పెరగదు. మనుషుల మాటకు అట్లాంటి ఫోర్కు లేదు. పోగు అయిపోయిన తర్వాత గూడ చప్పుడు నడుస్తనే ఉంటది. కూసున్నోళ్లల్ల ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టాలె.

కనిపెట్టుడు ఎట్లంటే, నేను చూసినంతల మూడు గుర్తులున్నయి. చెప్పిన మాటే మూడోసారి వస్తది, కొత్త సంగతి ఉండదు, గొంతు ఒక్కటే పెరుగుతది. రెండోది, మాట పని మీదినుంచి మనిషి మీదికి పోతది. "నీళ్లు రాలేదు" అనే మాట పోయి "మీ ఇంటోళ్లు ఎప్పుడూ ఇంతే" అనే మాట వస్తది. మూడోది, మాట్లాడేటోడు ఎదుటి మనిషిని చూడడు, చుట్టూ నిలబడ్డోళ్లను చూస్తడు. అప్పటికి వాడు గెలువాలని మాట్లాడుతున్నడు, పని కావాలని కాదు.

ఒక సంగతి చెప్తే తెలుస్తది. కొన్నేండ్ల కింద ఎండకాలంల మా గల్లీకి నాలుగైదు రోజులకొకసారి నీళ్లు వస్తుండె. వస్తే రెండు గంటలు. ఒకటే పైపు మీద ఇరవై రెండు ఇండ్లు, అండ్ల తొమ్మిది ఇండ్లల్ల మోటర్లు. నీళ్లు రాంగనే మోటర్లు గుంజుకునేది, చివరి నాలుగిండ్లకు సుక్క సుక్క పడేది. ఒక ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు అందరం కూసున్నం.

మొదటి అరగంట మంచిగనే నడిచింది. మోటరున్నోళ్లు తమ బాధ చెప్పిన్రు: మీద అంతస్తుకు నీళ్లు ఎక్కయి, ఇంట్ల ముసలోళ్లున్నరు అని. లేనోళ్లు తమ బాధ చెప్పిన్రు. ఒక పిలగాడు మంచి ఉపాయం చెప్పిండు: మొదటి గంట ఎవరూ మోటరు పెట్టొద్దు, బిందెలు నింపుకుందాం, రెండో గంట మోటర్లు పెట్టుకోండి అని. చాలామంది తలలూపిన్రు. పని అక్కడికే అయింది.

మాట మాత్రం ఆగలేదు. ఎనిమిది దాటింది. పోయిన ఏడు ఎవరు ఎవరి పైపు కోసిన్రు, ఎవరి తండ్రి కాలంల ఏమైంది, అంతా బయటికొచ్చింది. నేను చెప్పిన మూడు గుర్తులూ కనబడ్డయి.

మాతోని మిల్లుల జాబరు పని చేసి రిటైరైన ఒక పెద్దమనిషి ఉండె. అంతదాక ఎక్కువ మాట్లాడలేదు. ఆయన వెంటనే ముగించలేదు, ముందుగాల చివరి ఇంటి ఆమె దిక్కు తిరిగిండు. ఆమె బీడీలు చుట్టుకుంట ఒక పక్కకు కూసున్నది, ఒక్క మాటన్న అనలేదు. "అక్కా, మొన్న నీకెన్ని బిందెలు పడ్డయి?" అని అడిగిండు. "మూడు," అన్నది. గల్లీ అంతా సప్పుడు లేదు.

అప్పుడు ఆయన లేచి నిలబడి అన్న మాట ఇది: "మొదటి గంట బిందెలకు, రెండో గంట మోటర్లకు. రెండుసార్లు చూద్దాం. మూడోసారి నీళ్లు వచ్చినంక మళ్ల ఇక్కడనే కూసుందాం. అక్కకు పొద్దుగాల బ్రాంచికి బీడీలు ఇచ్చేది ఉన్నది, ఇగ లేద్దాం."

ఈ నాలుగు మాటలల్ల ఏమున్నదో చూడండి. ఏది ఖాయమైందో చెప్పిండు. ఏది ఖాయం కాలేదో దానికి ఒక రోజు పెట్టిండు, అందుకే ఓడిపోయిననని ఎవరికీ అనిపించలేదు. ఎవరి పేరూ తీయలేదు. లేచిపోయేతందుకు ఒక మర్యాద కారణం చూపించిండు. కొత్త సంగతి ఒక్కటి గూడ పెట్టలేదు. చివరి మాటల కొత్త సంగతి పెడితే అది చివరి మాట కాదు, ఇంకో పంచాయితికి మొదటి మాట.

అయినా ఒక పిలగాడు ఊకోలేదు. "తప్పు మాత్రం వాళ్లదే," అన్నడు. పెద్దమనిషి వాదానికి దిగలేదు. "సరే తమ్మీ, ఆ రోజు నీదే మొదటి మాట," అని చెప్పులేసుకున్నడు. చెప్పులేసుకునుడు గూడ మాటల భాగమే. ముగించినోడు అక్కడనే కూసుంటే మాట మళ్ల లేస్తది.

మూడోసారి నీళ్లొచ్చినంక నిజంగనే కూసున్నం. ఇద్దరు ముందుగాలనే మోటరు పెట్టిన్రని తేలింది. పది నిమిషాలల్ల మాట అయిపోయింది.

కొందరు ఇంకో తీరుగ ముగిస్తరు. "ఇగ చాలు, నోర్లు మూయండి" అంటరు. లేకుంటే "అర్థమైనోళ్లకు అర్థమైంది" అంటరు. మొదటిది మాటను ఆపుతది, కోపాన్ని ఆపది. రెండోదాంట్ల సూది ఉన్నది, గుచ్చుకున్నోడు జవాబు చెప్పకుండ పోడు. మాటకు మాట తెగులు అని పెద్దలు ఊకెనే అనలేదు.

బట్ట మిల్లుల చరిత్రల ఇట్లాంటి ముగింపు పెద్దది ఒకటున్నది. 1918ల అహ్మదాబాదు మిల్లు కార్మికులు 35 శాతం పెంచితేగాని పనికి పోమని ఒట్టు పెట్టుకున్నరు. యజమానులు 20 శాతం మీద పైస గూడ ఇయ్యమని పట్టుబట్టిన్రు. గాంధీ మార్చి 15న ఉపవాసానికి కూసున్నడు, 18న రాజీ కుదిరింది. మొదటి రోజు 35 శాతం, అంటే కార్మికుల ఒట్టు నిలబడ్డది. రెండో రోజు 20 శాతం, అంటే యజమానుల మాట నిలబడ్డది. మూడో రోజు నుంచి నడుమ లెక్క 27½ శాతం, మధ్యవర్తి తీర్పు వచ్చేదాక. తర్వాత తీర్పు 35 శాతానికే వచ్చింది. ఇద్దరి మాటా పోకుండ సాంచాలు నడిచినయి. ఖాయం కానిదానికి అక్కడ గూడ ఒక దారి పెట్టిన్రు, మా గల్లీల మూడోసారి నీళ్ల లెక్కనే.

ఒక్కటి మాత్రం మరువొద్దు. నష్టపోయినోడు నోరు తెరువకముందే "అయిపోయింది, లేవండి" అనుడు ముగింపు కాదు, మూత పెట్టుడు. రావలసిన కూలి బాకీ ఉన్న కాడ, ఆడివిల్ల మీద చెయ్యి లేసిన కాడ, నలుగురు అలిసిపోయిన్రని మాట ఆపరాదు. అక్కడ "రేపు ఫలాన టైముకు మళ్ల" అనేదే సరైన చివరి మాట. పెద్దమనిషి ముందుగాల మూడు బిందెల మాట చెప్పించింది అందుకే.

చిన్నప్పుడు మా అమ్మమ్మ కథ చెప్పి, కథ కంచికి మనం ఇంటికి అనేది. ఆ మాట వినంగనే పిల్లలం పక్కలు పరుచుకునేటోళ్లం. కథ మంచిగ లేదని ఆమె ఆపలేదు, తెల్లారి ఇంకో కథ ఉంటదని మాకు ఎరుకే.