జేతవనంలో ఒక పూచీ

బహ్రాయిచ్ దాటాక రోడ్డుకి రెండు వైపులా చెరకు తోటలే. మాఘమాసం, పదకొండు గంటలైనా మంచు పూర్తిగా విడలేదు. చెరకు ట్రాక్టర్లు దారి ఇస్తే తప్ప బస్సు ముందుకు కదలడం లేదు. పక్క సీట్లో మా పెద్దమ్మ శాలువా తలమీదుగా కప్పుకుని కూర్చుంది. పెదనాన్న పోయి ఏడాది అయింది. ఆయన దినం కార్డు మీద అందరి కార్డుల్లాగే 'స్వర్గస్తులైనారు' అని అచ్చు వేయించాం. శ్రావస్తి వెళుతున్నానంటే తనూ వస్తానని బయల్దేరింది. లక్నోలో బస్సెక్కిన కాసేపటికే అడిగింది: "ఏరా, బుద్ధుడు నిర్వాణం పొందాడంటారు కదా, అది స్వర్గం కన్నా పైన ఉండే లోకమా?"

చాలామంది మనసులో ఉన్నది ఇదే. పుణ్యం కొంచెం చేస్తే స్వర్గం, బాగా చేస్తే వైకుంఠం, ఇంకా పైమెట్టు నిర్వాణం అని. కుశీనగరం వెళితే ఈ లెక్క మరింత బలపడుతుంది. అక్కడ బుద్ధుడు కన్నుమూసిన చోటు, పడుకున్న విగ్రహం చూశాక నిర్వాణమంటే గొప్పవాళ్ళ మరణానికి పెట్టిన పేరే అనిపిస్తుంది. అందుకే నేను శ్రావస్తి ఎంచుకున్నాను. బుద్ధుడు ఎక్కువ వర్షాకాలాలు గడిపింది ఇక్కడే. నిర్వాణమంటే ఆరిపోవడం; ఆ ఆరిపోయేది ఏమిటన్న ప్రశ్న మీద బౌద్ధ గ్రంథాల్లో ఉన్న మంచి సంభాషణలు చాలావరకు ఈ ఊళ్ళో జరిగినట్టే చెబుతారు.

ఊరు ఇప్పుడు రెండు దిబ్బలు. సాహేత్ అనేది జేతవన విహారం, దానికి కొద్ది దూరంలో మాహేత్ అనేది పాత నగరం. 1863లో కన్నింగ్‌హామ్ ఇదే శ్రావస్తి అని గుర్తించాడు. జేతవనం లోపల పచ్చిక మధ్య మోకాలెత్తు ఇటుక గోడలు తప్ప పైకప్పు ఉన్న కట్టడం లేదు. బుద్ధుడు నివసించాడని చెప్పే గంధకుటి దగ్గర తెల్లబట్టల శ్రీలంక యాత్రికులు వరసగా కూర్చుని పాలిలో వల్లిస్తున్నారు. ఇటుకల మీద అక్కడక్కడ బంగారు రేకు ముక్కలు మెరుస్తున్నాయి. వచ్చిన భక్తులు వేలితో అద్ది వెళతారు. గాలికి కొన్ని సగం లేచి, ఇటుకని పట్టుకుని రెపరెపలాడుతున్నాయి. పెద్దమ్మ వంగి ఒకదాన్ని మళ్ళీ వేలితో నొక్కి అతికించింది.

ఆనందబోధి చెట్టు కింద అరుగు మీద కూర్చున్నాక ఆవిడకి నందుడి కథ చెప్పాను. తెలుగువాళ్ళకి ఈ కథ కొత్త కాదు. నాగార్జునకొండ శిల్పులు రాతిలో చెక్కారు. అశ్వఘోషుడి సంస్కృత కావ్యాన్ని ఆధారం చేసుకుని పింగళి, కాటూరి కవులు 'సౌందరనందము' రాశారు. నేను చెప్పింది మాత్రం పాలి 'ఉదానం'లోని చిన్న రూపం. అందులో కథ మొదలయ్యేదీ ముగిసేదీ ఈ జేతవనంలోనే.

నందుడు బుద్ధుడి సవతి తమ్ముడు, ప్రజాపతి గౌతమి కొడుకు. సన్యాసం తీసుకున్నాడు గానీ మనసు నిలవలేదు. ఇల్లు విడిచి వస్తుంటే ఒక శాక్య సుందరి సగం దువ్విన జుట్టుతో అతనివైపు చూసి, త్వరగా తిరిగి రమ్మంది. ఆ చూపే గుర్తొస్తోంది, ఈ బ్రహ్మచర్యం నా వల్ల కాదు, వెళ్ళిపోతాను అని తోటి భిక్షువులతో చెప్పాడు. సంగతి బుద్ధుడికి తెలిసింది. ఆయన మందలించలేదు. చెయ్యి పట్టుకుని ముప్పైముగ్గురు దేవతల లోకానికి, అంటే ఇంద్రుడి స్వర్గానికి తీసుకెళ్ళాడు. అక్కడ ఇంద్రుడి కొలువులో పావురం పాదాల వంటి పాదాలున్న ఐదువందల మంది అప్సరసలు. వీళ్ళు అందగత్తెలా, ఆ శాక్య సుందరి అందగత్తెనా అని అడిగాడు. వీళ్ళ ముందు ఆమె ముక్కూ చెవులూ తెగిన ఆడకోతి లాంటిదన్నాడు నందుడు. అయితే సంతోషంగా సాధన చెయ్యి, వీళ్ళు నీకు దక్కేలా నేను పూచీ ఉంటానన్నాడు బుద్ధుడు.

"ఆయనే మాటిచ్చాడా!" అంది పెద్దమ్మ. నిజంగానే ఇది ఆశ్చర్యపడవలసిన చోటు. కోరికలు వదలమనే గురువు అప్సరసల కోసం జామీను నిలబడ్డాడు. నందుడు తిరిగొచ్చి పట్టుదలగా సాధనలో పడ్డాడు. సంగతి పొక్కింది. తోటివాళ్ళు అతన్ని కూలివాడని, కొనుక్కున్న మనిషని పిలవడం మొదలెట్టారు. జీతం కోసం పని చేసినట్టు అప్సరసల కోసం బ్రహ్మచర్యం చేస్తున్నాడని ఎత్తిపొడిచారు. ఆ మాట నందుణ్ణి కాల్చేసింది. సిగ్గుతో ఒంటరిగా కూర్చున్నాడు, ఏమరుపాటు లేకుండా సాధించాడు, అర్హతుడయ్యాడు. తర్వాత బుద్ధుడి దగ్గరికి వెళ్ళి, మీరిచ్చిన పూచీ నుంచి మిమ్మల్ని విడిపిస్తున్నాను అన్నాడు. నీ మనసు ఏ పట్టూ లేకుండా విముక్తమైన క్షణానే నేను ఆ పూచీ నుంచి విడిపోయానని బుద్ధుడు బదులిచ్చాడు.

నిర్వాణం గురించి ఇంతకన్నా తేటగా చెప్పిన కథ నాకు తెలియదు. నందుడి కోరిక భూమి మీద ఒక స్త్రీ నుంచి స్వర్గంలో ఐదువందల మంది మీదకి మారింది. కోరిక అదే, మేత మాత్రమే పెద్దదైంది. స్వర్గం చేసే పని ఇంతే. కోరే మనసుని అది అలాగే ఉంచి, కోరింది ఇస్తుంది. చివరికి నందుడికి అప్సరసలు దక్కలేదు, పూచీ చెల్లించవలసిన అవసరమూ రాలేదు. బాకీ వసూలు చేసుకోవాలనే కోరికే మిగల్లేదు.

స్వర్గం లేదని బుద్ధుడు ఎక్కడా అనలేదు. దాని ఆయుష్షుకి లెక్క కూడా ఉంది. ఆ లోకంలో ఒక రోజంటే మనకి నూరేళ్ళు. అలాంటి రోజులతో వెయ్యేళ్ళు అక్కడి ఆయువు, అంటే మన లెక్కలో 3 కోట్ల 60 లక్షల ఏళ్ళు. ఎంత పొడుగైనా దానికి చివర ఉంది. చివర దగ్గర పడ్డ దేవతకి ఐదు గుర్తులు కనిపిస్తాయని 'ఇతివుత్తకం' చెబుతుంది. మెడలో దండ వాడుతుంది, బట్ట మాస్తుంది, చంకల్లో చెమట పడుతుంది, ఒంటి రంగు తగ్గుతుంది, తన ఆసనం మీద తనకే కుదురుండదు. అప్పుడు తోటి దేవతలు అతనికి సద్గతి కలగాలని కోరతారట. దేవతలకి సద్గతి ఏమిటంటే మనిషి జన్మ! ఇది విని పెద్దమ్మ యయాతిని గుర్తు చేసింది. పుణ్యం ఖర్చయితే కిందపడడం మన పురాణాల్లోనూ ఉందంది. ఉంది. స్వర్గం అద్దె ఇల్లేనన్న దాకా రెండు దారులూ కలిసే వస్తాయి.

మర్నాడు పొద్దున మాహేత్ మట్టికోట వైపు నడుస్తుంటే ఆవిడ అసలు ప్రశ్నకి వచ్చింది. "మరి ఆరిపోయేదేమిటి? మనిషేనా?"

ఆరేవి మూడు మంటలు: రాగం, ద్వేషం, మోహం. ఇవి నశించడమే నిర్వాణమని బుద్ధుడి శిష్యుడు సారిపుత్రుడు సూటిగా చెప్పాడు. మనిషి బతికుండగానే ఇది జరుగుతుంది. బుద్ధుడికి 35వ ఏట జరిగింది, ఆ తర్వాత 45 ఏళ్ళు తిరిగాడు. ఆ ఏళ్ళలో కళ్ళూ చెవులూ ఒళ్ళూ పనిచేస్తూనే ఉన్నాయి, సుఖమూ నొప్పీ తెలుస్తూనే ఉన్నాయి. దీన్ని శేషం ఉన్న నిర్వాణం అంటారు. మరణంతో ఆ శేషమూ తీరితే శేషం లేనిది. ఈ ఊళ్ళోనే, భక్తురాలు విశాఖ కట్టించిన పూర్వారామంలో, ఒక సాయంత్రం ముసలి బుద్ధుడు పడమటి ఎండకి వీపు కాచుకుంటుంటే ఆనందుడు ఒళ్ళు పడుతూ బెంగపడతాడు: చర్మం మునుపటిలా లేదు, కాళ్ళూ చేతులూ ముడతలు పడ్డాయి, నడుం ముందుకి వంగింది. ముసలితనం ఇలాగే ఉంటుందని బుద్ధుడు ఒప్పుకుంటాడు. స్వర్గంలో ముసలితనం లేదంటారు. నిర్వాణం పొందిన మనిషికి వచ్చింది, వీపు మీద ఎండ హాయిగానూ ఉంది. ఎండ పోతుందన్న దిగులు మాత్రం లేదు.

"సరే, పోయాక?" అంది పెద్దమ్మ. ఇదే ప్రశ్న వత్సగోత్రుడనే పరివ్రాజకుడు జేతవనంలో అడిగాడు. విముక్తుడు చనిపోయాక పుడతాడా, పుట్టడా, రెండూనా, రెండూ కాదా అని. ఏ మాటా ఇక్కడ అమరదన్నాడు బుద్ధుడు. వత్సగోత్రుడు తికమకపడితే, మంటని ఉదాహరణగా తీసుకుని తిరిగి ప్రశ్నించాడు. నీ ఎదురుగా మంట మండుతోంది, దేన్ని పట్టుకుని మండుతోంది? గడ్డినీ పుల్లలనీ. అవి అయిపోయాయి, కొత్తవి వెయ్యలేదు, ఆరింది. ఇప్పుడది తూర్పుకి పోయిందా, పడమరకా, ఉత్తరానికా, దక్షిణానికా? ఆ ప్రశ్నే కుదరదని వత్సగోత్రుడే ఒప్పుకున్నాడు. దేహం, అనుభవం వంటి వేటిని బట్టి మనం ఒక మనిషిని ఫలానా అని గుర్తుపడతామో, వాటితో కొలిచే వీలు ఇక లేదు. మహాసముద్రంలా లోతు తెలియనివాడు అన్నాడు బుద్ధుడు.

స్వర్గానికి దిక్కు ఉంది, ఎత్తు ఉంది, అక్కడికి వెళ్ళేవాడొకడున్నాడు. నిర్వాణానికి ఆ మూడూ వర్తించవు. అలాగని శూన్యంలో కలిసిపోవడమూ కాదు. అర్హతుడు చనిపోతే నాశనమైపోతాడని యమకుడనే భిక్షువు ఇక్కడే వాదించాడు. బతికుండగానే ఇతనే ఆ మనిషి అని ఏదో ఒకదాన్ని చూపించగలవా అని సారిపుత్రుడు అడిగితే చూపించలేకపోయాడు, తన వాదం వదులుకున్నాడు. ముందే దొరకనిదాన్ని నాశనమైందనడం ఎలా?

పెద్దమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే మీ పెదనాన్నని స్వర్గస్తుడనడం తప్పేనా?" అంది. ఎదురుగా అనాథపిండికుడిదని చెప్పే ఇటుక కట్టడం కనిపిస్తోంది. జేతవనాన్ని బంగారు నాణేలు పరిచి కొన్నాడని చెప్పే వర్తకుడు ఆయనే. తప్పు కాదన్నాను. అనాథపిండికుడూ స్వర్గానికే వెళ్ళాడు, తుషితలోకంలో దేవుడై ఒక రాత్రి జేతవనానికి తిరిగొచ్చి బుద్ధుడికి నమస్కరించాడని 'మజ్ఝిమ నికాయం' చెబుతుంది. గృహస్థులకి దానం, శీలం, స్వర్గం గురించి బుద్ధుడు ముందుగా చెప్పేవాడు. కాకపోతే అక్కడితో ఆపేవాడు కాదు.

అనాథపిండికుడి చివరి రోజు ఆవిడకి వివరంగా చెప్పాను. తల పగిలే నొప్పితో పడుకుని ఉంటే సారిపుత్రుడు, ఆనందుడు చూడ్డానికి వచ్చారు. కన్నుని పట్టుకోవద్దు, చెవిని పట్టుకోవద్దు, ఈ లోకాన్ని పట్టుకోవద్దు, పరలోకాన్నీ పట్టుకోవద్దని సారిపుత్రుడు ఒక్కొక్కటే విప్పుతూ పోయాడు. అనాథపిండికుడు ఏడ్చాడు. కుంగిపోతున్నావా అని ఆనందుడు అడిగితే, లేదు, ఇన్నాళ్ళు సేవ చేసినా ఇలాంటి మాట వినలేదన్నాడు. తెల్లబట్టలు కట్టుకునే గృహస్థులకి ఇది చెప్పే అలవాటు లేదన్నాడు ఆనందుడు. మాకూ చెప్పండి, కళ్ళల్లో దుమ్ము తక్కువున్నవాళ్ళు మాలోనూ ఉంటారని అడిగి, ఆ తర్వాత ప్రాణం విడిచాడు. అప్పటికే ఆయన స్రోతాపన్నుడు, అంటే మహా అయితే ఏడు జన్మల్లో ఆ మంటలు పూర్తిగా ఆరేవాడు. తుషితం ఆయనకి దారిలో ఒక మజిలీ.

"గృహస్థులకీ చెప్పమని ఆయనే అడిగాడన్నమాట," అంది పెద్దమ్మ. బల్రాంపూర్ బస్సుకి ఇంకా గంట ఉంది. సారిపుత్రుడు చెప్పిన వరస మళ్ళీ మొదటినుంచి చెప్పమంది.