కొత్తగా మిల్లుకు వచ్చేవాళ్ళకు ఆరు నిమిషాల మాట

మా కారమడై పక్కన వుండే ఒక స్పిన్నింగ్ మిల్లులో, కొత్తగా పనికి చేరేవాళ్ళకు చూపించేదానికి ఒక వీడియో తీస్తామన్నారు. ఆఫీసులో చదువుకున్న పిల్లవాడు నాలుగు పేజీలు రాసుకొని మా ఇంటికి వచ్చినాడు. "మామా, మీరు కార్డింగులో, రింగ్ ఫ్రేములో ముప్పై ఏండ్లు వున్నోరు. ఈ మాటలు కార్మికులకు అర్థమయ్యేట్టు సరిచేసి ఇయ్యండి" అన్నాడు.

గోడ గడియారం ముందర పెట్టుకొని ఆ నాలుగు పేజీలూ నిదానంగా, గట్టిగా చదివినాను. పదకొండు నిమిషాలు పట్టింది. ఒడిశానుంచో, బీహారునుంచో రెండు రాత్రులు రైల్లో కూర్చొని వచ్చిన పిల్లవాడు పదకొండు నిమిషాలు బొమ్మ చూస్తాడా? నిద్రపోతాడు. ఆరు నిమిషాలకు మించకూడదని ముందే అనుకున్నాము. ఒక్కో కాగితాన్ని నడిమికి గీత గీసి, ఎడమపక్క కంటికి కనిపించేది, కుడిపక్క చెవికి వినిపించేది అని రాయమన్నాను. అట్ల రాస్తే తెలిసిపోతుంది, కంటికి కనిపించేదాన్నే మళ్ళీ నోటితో చెప్పి ఎంత కాలం పోగొడుతున్నామో. సగం మాటలు అక్కడే రాలిపోయినాయి.

మొదటి పేజీలో "మనమంతా ఒకే కుటుంబం" అని వుండింది. దాన్ని కొట్టేయమన్నాను. పిల్లవాడికి కొంచెం బాధయింది, స్నేహంగా వుండాలని రాసినాడు పాపం. కానీ మన పక్క ఊళ్ళల్లో కొన్నేండ్లు సుమంగళి పథకమని ఒకటి నడిచింది గదా. పెండ్లి కావలసిన ఆడపిల్లలను మూడేండ్ల లెక్కన తెచ్చి, హాస్టల్లో పెట్టి, కడపట ఒక మొత్తం ఇస్తామనేవాళ్ళు. ఒంట్లో బాగలేక నడుమ ఇంటికి పోయిన పిల్లలకు ఆ మొత్తం చేతికి రాలేదని ఎంతమంది ఏడ్చినారో మీకు తెలియంది కాదు. అప్పుడూ చేర్చేటప్పుడు తియ్యటి మాటలకు కొదవలేదు. అందుకని చెప్పినాను, కొత్తవాళ్ళకు మర్యాద అంటే సంబళం లెక్క మొదటి నిమిషంలోనే విప్పి చూపడం అని.

ఆ నిమిషాన్ని ఇట్ల రాసినాము. తెరమీద ఒక సంబళం చీటీ కనిపిస్తుంది. బేసిక్కు, డి.ఏ. కలిపి 12,000 రూపాయలు. ఒక వేలు ఒక్కో వరుసమీద నిదానంగా పోతుంది. పి.ఎఫ్. నూటికి 12 లెక్కన 1,440. ఇ.ఎస్.ఐ. నూటికి ముక్కాలు రూపాయి లెక్కన 90. చేతికి వచ్చేది 10,470. మొదటి నెల ఈ చీటీ చూసే కొత్తవాడు "నా దుడ్డు కోసేసినారు" అని పెట్టె సర్దుకుంటాడు. అట్ల పోయినవాళ్ళను నేను చూసినాను. కాబట్టి వెంటనే రెండో వరుస చూపాలి: పి.ఎఫ్.కు మిల్లు కూడా మీ పేర 1,440 కడుతుంది, దాంట్లో ఒక భాగం పింఛనుకు పోతుంది, ఇ.ఎస్.ఐ.కి మిల్లు వంతు 390. మీ పి.ఎఫ్. నంబరు 12 అంకెలు, మీరు వేరే మిల్లుకు పోయినా అదే నంబరు, రాసిపెట్టుకోండి. ఇ.ఎస్.ఐ. వైద్యం మీకూ మీ ఇంటివాళ్ళకూ చేరిన నాటినుంచే వుండాది. జబ్బుచేసి ఇంట్లో వుంటే వచ్చే దుడ్డు మాత్రం వేరే లెక్క, దానికి ఆరు నెలల గడువులో 78 రోజులకు చందా కట్టి వుండాలి. ఈ తేడా చెప్పకుండా "ఇ.ఎస్.ఐ. సౌకర్యం కలదు" అని ఒక్క మాటతో పోతే, జ్వరంతో పండుకున్నప్పుడు గొడవ వస్తుంది.

ఆఫీసు కాగితంలో "వేతనము ఏడవ తేదీలోగా చెల్లించబడును" అని వుండింది. నలుగురు కొత్త పిల్లలను కూర్చోబెట్టి ఆ వాక్యం వినిపించి, సంబళం ఎప్పుడు వస్తుందని అడిగినాము. ఇద్దరు, ఏడు దినాలకొకసారి అన్నారు. అప్పుడు "ఈ నెల పని చేసిన దుడ్డు, వచ్చే నెల 7వ తేదీకి ముందు బ్యాంకులో పడుతుంది" అని మార్చి, తెరమీద క్యాలెండరు పెట్టినాము. అర్థమయిందా అని అడిగితే అందరూ తల ఊపుతారు. వాళ్ళచేత తిరిగి చెప్పించుకుంటేనే సంగతి బయటపడుతుంది.

ఇంక కార్డింగు. కాగితంలో "భద్రతయే మా ప్రథమ కర్తవ్యం, దయచేసి జాగ్రత్తగా వుండండి" అని రెండు వాక్యాలు. దాన్నిబట్టి ఏం చేయాలో ఎవరికి తెలుస్తుంది? కార్డింగ్ మెషిన్లో పెద్ద సిలిండరు వుంటుంది, దానిమీదంతా సన్న పండ్లున్న తీగ చుట్టి వుంటుంది. స్విచ్ ఆపినా ఆ బరువుకు అది నిమిషాల తరబడి తిరుగుతూనే వుంటుంది. సద్దు తగ్గిపోతుంది, కొత్తవాడు ఆగిపోయిందనుకుంటాడు, చిక్కుకున్న పంజును తీయాలని మూత తెరిచి చెయ్యి పెడతాడు. కొత్త మెషిన్లలో పూర్తిగా ఆగిందాకా మూత తెరుచుకోదు. పాతవాటిని నమ్మేదానికి లేదు.

అందుకని అక్కడ మాటే వద్దన్నాను. స్విచ్ ఆపే చెయ్యి కనపడాలి, పక్కన గడియారం ముల్లు కనపడాలి, సిలిండరు తిరుగుతూ వుండాలి. అది నిజంగా ఆగిందాకా తీసి, నడుమ కోసి అర నిమిషానికి తెచ్చినాము, గడియారం మాత్రం అసలు కాలం చూపిస్తుంది. కడపట ఒకే మాట: "పూర్తిగా ఆగిందాకా మూత తెరవవద్దు. మేస్త్రీ చెప్పినా తెరవవద్దు." ఈ రెండో ముక్కకు ఆఫీసులో ఒప్పుకోలేదు. నేనూ విడువలేదు. ఉత్పత్తి తగ్గిందని తొందరపెట్టేది మేస్త్రీనే గదా! మూడు నాళ్ళకు ఒప్పుకున్నారు.

స్నేహంగా మాట్లాడేదానికి చోటు వేరే వుండాది. హాస్టల్లో ఫోను, క్యాంటీన్లో టోకెను, వారపు సెలవు, వీటికి "వీలైతే", "దయచేసి" సరిపోతాయి. కారణం ఒకటి కలిపితే ఇంకా మేలు: చున్నీని, జడను టోపీలో దూర్చమనేటప్పుడు, రింగ్ ఫ్రేములో తిరిగే రోలరును చూపి, అది వెంట్రుకను లాగితే వదలదని చెప్పాలి. చెయ్యి పోయే చోట "దయచేసి" అంటే వినేవాడు దాన్ని ఇష్టమున్నప్పుడు చేసే పని అనుకుంటాడు.

ఆడపిల్లలతో ఎవరైనా తప్పుగా నడుచుకుంటే ఫిర్యాదు వినే కమిటీ వుండాలని 2013 చట్టం. దాంట్లో వున్నవాళ్ళ పేర్లను గొంతుతో చెప్పించినారు. వాళ్ళు మారిపోతే వీడియో అబద్ధమవుతుంది. పేర్లు, ఫోను నంబర్లు, సంబళం అంకెలు, ఇవన్నీ విడిగా ఒక అట్టమీద రాసినట్టు తెరమీద రావాలి, ఏడాదికొకసారి ఆ ముక్క మాత్రం మార్చుకోవచ్చు. గొంతులో చెప్పేది "మూడు నెలల లోపల చెప్పండి, రాసిచ్చేదానికి చేతకాకుంటే వాళ్ళే రాసుకుంటారు" అని మాత్రమే.

నేను తెలుగులో రాసినది మా మనవరాలు తమిళంలో చేసింది. హిందీ, ఒడియా మిల్లులో వుండే పిల్లలే చెప్పినారు. మనిషి ముఖం చూపి మాట్లాడించివుంటే ఒక్కో భాషకూ పెదవులు కలిసేవి కావు. చేతులు, మెషిను, చీటీ మాత్రమే చూపినాము కాబట్టి ఏ గొంతయినా సరిపోయింది. ఒడియాలో అదే మాటకు ఎక్కువ కాలం పట్టింది, అందుకు చీటీ బొమ్మను ఇంకొక పది సెకండ్లు నిలిపినాము.