ఆర్వో మిషన్ వాళ్ళ "మహిమ"

ఆర్వో అమ్మేవాళ్ళు ఇంటికొచ్చి ఒక మహిమ చూపిస్తారు. కుళాయి నీళ్ళలో కరెంటు కడ్డీలు పెడితే గోధుమరంగు మడ్డి తేలుతుంది, ఆర్వో నీళ్ళు తేటగా ఉంటాయి. ఆ మడ్డి నీటిది కాదు, కరిగిన ఇనుప కడ్డీది. ఆర్వో నీళ్ళలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు. నేను అందులో చిటికెడు ఉప్పు వేయించాను. అవీ రంగు మారాయి!

మరి ఏది కొనాలి? యూవీ క్రిముల్ని చంపుతుందే గాని లవణాల్ని తీయలేదు. మున్సిపల్ నీళ్ళలో టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుంటే యూవీ చాలు. ఆర్వో అయితే ఊరికే బోలెడు నీళ్ళు కాలవపాలు. బోరు నీళ్ళు బాగా కఠినంగా ఉన్నా, నల్గొండ పల్లెల్లోలాగా ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటినా, ఈ రెండింట్లో ఆర్వోనే పనికొస్తుంది. అయితే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ని విడిగా చూపదు. దానికి లాబ్ పరీక్ష చేయించాల్సిందే.