నెల రోజుల మౌనం, అయిదు వాక్యాల ఉత్తరం

ఉద్యోగం పోయిందని తెలిసిన రోజు నేను బాగానే నిద్రపోయాను. నిద్ర పట్టనిది ఆ తర్వాత, కొత్త ఉద్యోగం వస్తుందో రాదో తెలియని నెల రోజులు. ఈ దేశానికి వచ్చిన మనవాళ్ళలో చాలామందికి ఇలాంటి నెల ఒకటి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. నాది 2023లో వచ్చింది.

అప్పుడు మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండేవాళ్ళం. నేను డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ని. ఆ జనవరిలో మా కంపెనీ చాలామందిని తీసేసింది, అందులో నేనూ ఉన్నాను. జీతం వచ్చే ఆఖరి రోజు మార్చి 3 అన్నారు. నాది హెచ్-1బి. మా ఆవిడ, అమ్మాయి నా మీద ఆధారపడిన హెచ్-4 వీసాల మీద ఉన్నారు. 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఉద్యోగం ముగిశాక అరవై రోజుల వరకు ఇక్కడ ఉండవచ్చు. ఐ-94 గడువు అంతకంటే ముందే అయిపోతే అంతవరకే. ఈలోగా ఇంకో కంపెనీ మన పేరున పిటిషన్ వెయ్యాలి, లేదా మనం వేరే వీసాకి మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. వంటింటి క్యాలెండర్ మీద లెక్కపెడితే మాకు మే 2 తేలింది. మా ఆవిడ దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది.

మార్చి 9, గురువారం నాడు ఒక పెద్ద కంపెనీలో ఆఖరి ఇంటర్వ్యూ అయింది. అయిదుగురితో నాలుగు గంటలు. బాగా జరిగింది. మేనేజరు నవ్వుతూ షేక్ హ్యాండిచ్చాడు. రిక్రూటర్ అమ్మాయి ఆ సాయంత్రమే, "రెండు వారాల్లో ఏ సంగతీ చెబుతాను" అని మెయిలు రాసింది.

రెండు వారాలయింది, మూడయింది. రోజుకి నలభైసార్లు ఫోను తీసి చూసేవాణ్ణి. "ఒకసారి అడిగి చూడండి" అని మా ఆవిడ అంటే, "అడిగితే చులకనైపోతాం, పెద్ద కంపెనీల్లో ఆలస్యం మామూలే" అని కొట్టిపారేసేవాణ్ణి. నిజానికి నాకు భయం. అడగనంత కాలం ఆ ఉద్యోగం నాదే అనుకోవచ్చు కదా!

ఈ మధ్యలో డెమోయిన్ నుంచి ఒక చిన్న కంపెనీ ఆఫర్ ఇచ్చింది. జీతం తక్కువ, చలి ఎక్కువ, తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఏప్రిల్ 14, శుక్రవారంలోగా జవాబు చెప్పమన్నారు. పెద్ద కంపెనీ వాళ్ళు పిలుస్తారేమోనని నేను నానుస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 9, ఆదివారానికి సరిగ్గా నెల. ఆ రాత్రి అందరూ పడుకున్నాక మొదటి మెయిలు రాశాను. వాళ్ళు క్షేమమని తలుస్తానంటూ మొదలుపెట్టి, నా పద్నాలుగేళ్ళ అనుభవం, వాళ్ళ కంపెనీ మీద నాకున్న గౌరవం, మా వీసా పరిస్థితి, అయిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి సంగతి, అన్నీ వరసగా రాశాను. రెండు పేజీలు వచ్చింది. పొద్దున మా ఆవిడకి చూపించాను.

"చదివితే జాలేస్తుందండీ. కానీ జవాబు రాదు" అంది.

"ఎందుకు రాదు?"

"ఇందులో మీరు వాళ్ళని ఏమీ అడగలేదుగా!"

మళ్ళీ చదివాను. నిజమే. రెండు పేజీల్లో ఎక్కడా ఒక్క ప్రశ్న లేదు.

ఆ ఉక్రోషంలో సోమవారం మధ్యాహ్నం రెండోది రాశాను. "రెండు వారాలన్నారు. నేటికి ముప్ఫై రెండు రోజులు. నాలుగు గంటలు కూర్చోబెట్టిన మనిషికి ఒక్క ముక్క రాసే తీరిక లేదా?" అన్న ధోరణిలో సాగింది. అందులో అబద్ధమేమీ లేదు. మేనేజరుగారి పైఆఫీసరు పేరు కూడా వెతికిపట్టుకుని కాపీలో పెట్టాను. పంపే బటన్ మీద వేలు పెట్టి, కాఫీ తాగి వచ్చి పంపుదామని లేచాను. ఆ కాఫీ నన్ను కాపాడింది. తిరిగొచ్చి చూస్తే, దానికి జవాబు రాయాలంటే వాళ్ళు ముందు తమ తప్పు ఒప్పుకోవాలని అర్థమైంది. తప్పు ఒప్పుకుంటూ ముక్కూమొహం తెలియనివాడికి ఉత్తరం రాసేవాళ్ళు ఎందరుంటారు?

సాయంత్రం మూడోది. ఈసారి రెండే వాక్యాలు. "ఊరికే ఒకసారి గుర్తు చేద్దామని. తొందరేమీ లేదు, మీకు వీలున్నప్పుడే చెప్పండి." ఇది మర్యాదగా ఉందనిపించి మా అమ్మాయికి చదివి వినిపించాను. అది హోంవర్కులోంచి తలెత్తకుండానే, "నాన్నా, మా టీచర్ తొందరేమీ లేదు అంటే నేను అస్సలు చెయ్యను" అంది.

ఆ రాత్రి ఇండియాకి ఫోను చేశాను. అక్కడ మంగళవారం తెల్లవారింది. నాన్నగారు తెనాలిలో తహసీల్దారు ఆఫీసు బయట వేపచెట్టు కింద బల్ల వేసుకుని ముప్ఫై ఏళ్ళకి పైగా జనానికి అర్జీలూ దస్తావేజులూ రాసిపెట్టారు. నా సంగతి ఆయనకి దాచాలనే అనుకున్నాను గానీ, గొంతు పట్టేశారు. అంతా చెప్పి, మూడు మెయిళ్ళూ తెలుగులో చదివి వినిపించాను.

"మొదటిది ఏడుపు, రెండోది తగువు, మూడోది మొహమాటం" అన్నారు. "అర్జీ అంటే కష్టాలు చెప్పుకోవడం కాదురా. బల్లకి అవతల ఉన్న మనిషి అది చదివి తను ఏం చెయ్యాలో తెలుసుకోవాలి. ఆయన ముందు నీలాంటివాళ్ళ కాయితాలు వంద ఉంటాయి. ఫైలు నంబరు వెయ్యి. ఏ తారీఖున ఎవర్ని కలిశావో రాయి. నీకు కావలసింది ఒక్కటే అడుగు. ఎప్పటిలోగా కావాలో, ఎందుకో ఒక్క ముక్క రాయి. అంతే, సంతకం పెట్టేసి లేచిరా."

"వాళ్ళు కాదంటే, నాన్నగారూ?"

"కాదంటే ఇంకో ఆఫీసుకి వెళతావు. చెప్పకపోతేనే కదా గుమ్మంలో నిలబడిపోతావు."

ఫోను పెట్టేసి క్యాలెండర్ ముందు కూర్చున్నాను. మా లాయరు చెప్పినదాని ప్రకారం, పిటిషన్ కంటే ముందు కొత్త కంపెనీ కార్మిక శాఖకి ఎల్.సి.ఏ. అనే దరఖాస్తు పంపాలి. అది ఆమోదమై రావడానికి ఏడు పనిదినాలు. మే 2కి పిటిషన్ చేరాలంటే వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే, ఏప్రిల్ 20కల్లా ఆ దరఖాస్తు వెళ్ళిపోవాలి. అదీ ఎక్కడా ఒక్క తప్పు దొర్లకుండా ఉంటేనే. అంటే ఇన్నాళ్ళూ మే 2 అని గుండెలు బాదుకున్నాను గానీ, నా అసలు గడువు అంతకంటే ముందే ఉంది. డెమోయిన్ వాళ్ళ శుక్రవారం ఇంకా ముందు ఉంది.

అప్పుడు నాలుగోది రాశాను. ఇంగ్లీషులో రాసినదాన్ని ఇక్కడ తెలుగులో చెబుతున్నాను:

"మార్చి 9న మీ సంస్థలో డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగానికి ఆఖరి ఇంటర్వ్యూకి వచ్చాను, ఉద్యోగ ప్రకటన నంబరు కింద ఇచ్చాను. ఆ ఉద్యోగం మీద నాకు ఇప్పటికీ ఆసక్తి ఉంది. ఇంకో సంస్థ ఇచ్చిన ఆఫర్ కి ఈ శుక్రవారం, ఏప్రిల్ 14లోగా నేను జవాబు చెప్పాలి. నా పేరు ఇంకా పరిశీలనలో ఉందో లేదో గురువారం సాయంత్రంలోగా చెప్పగలరా? లేదన్నా ఇబ్బంది లేదు, ఒక్క మాట రాస్తే నా నిర్ణయం నేను తీసుకోగలుగుతాను."

వీసా సంగతి రాయలేదు. అది మొదటి ఫోను కాల్ లోనే వాళ్ళకి చెప్పాను. వాళ్ళు ఉందంటే, ఎల్.సి.ఏ. తారీఖులు అప్పుడు ఇంకో మెయిల్లో మాట్లాడుకోవచ్చు. ఆఫర్ సంగతి రాయగలిగింది అది నిజంగా ఉంది కాబట్టి. లేని ఆఫర్ రాసి ఉంటే, "సరే, అది తీసుకోండి" అన్నప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకునేవాణ్ణి?

కొత్త మెయిలుగా పంపకుండా, రిక్రూటర్ మార్చిలో రాసిన మెయిలుకే జవాబుగా పెట్టాను. నేనెవరో ఆవిడ వెతుక్కోనక్కర్లేకుండా పాత సంభాషణంతా కిందనే ఉంటుంది. మంగళవారం పొద్దున తొమ్మిది దాటాక పంపాను.

నిమిషంలో జవాబు వచ్చింది! చేతులు వణుకుతుంటే తెరిచాను. మెషిన్ జవాబు. ఆ అమ్మాయి ఇప్పుడు ఆ సంస్థలో పనిచెయ్యడం లేదట.

నెల రోజులుగా నా ఇంటర్వ్యూలో ఏ మాట చెడగొట్టానా అని నన్ను నేను తవ్వుకుంటున్నాను. అక్కడేమో నా ఫైలు చూసే మనిషే లేదు. ఇంటర్వ్యూ రోజు మేనేజరు కార్డు ఇచ్చాడు. అదే మెయిలుని, పైన ఒక్క వాక్యం చేర్చి ఆయనకి పంపాను.

మధ్యాహ్నం మూడింటికి ఆయన రాశాడు. క్షమించమన్నాడు. రిక్రూటర్ నాకు ఎప్పుడో చెప్పేసిందనుకున్నాడట. మార్చి చివర్లో ఆ ఉద్యోగాన్నే ఆపేశారట, జులై దాకా కొత్తవాళ్ళని తీసుకోరట. "ఆ ఆఫర్ తీసుకోండి" అని కూడా రాశాడు.

బాధ వెయ్యలేదంటే అబద్ధం. కాసేపు బాల్కనీలో కూర్చున్నాను. కానీ ఆ రాత్రి నెల రోజుల తర్వాత మొదటిసారి ఫోను వంటింట్లో వదిలేసి పడుకున్నాను.

బుధవారం డెమోయిన్ వాళ్ళకి సరేనన్నాను. శుక్రవారం ఎల్.సి.ఏ. వెళ్ళింది, 25న ఆమోదమై వచ్చింది, 27న పిటిషన్ చేరింది. ఎర్ర సున్నాకి అయిదు రోజుల ముందు. ఇంకో వారం మౌనంగా కూర్చుని ఉంటే, లేని ఉద్యోగం కోసం ఉన్న ఆఫర్ పోగొట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే, నా తప్పు మొదటి మూడు మెయిళ్ళు కావు. వాటిని పంపలేదు కాబట్టి నష్టం లేదు. రెండు వారాలు అని ఆవిడ అన్నప్పుడు పదిహేనో రోజున అడగకపోవడమే తప్పు. అప్పుడు అడిగి ఉంటే, ఉద్యోగం ఆగిపోయే ముందో ఆగిన మర్నాడో నాకు తెలిసేది. ఆ రోజుల్లో డెమోయిన్ ఒక్కటే కాదు, మరో రెండు చోట్ల కూడా దరఖాస్తు పెట్టుకునే వ్యవధి ఉండేది.

ఆ బుధవారం రాత్రి తెనాలికి మళ్ళీ ఫోను చేశాను.

"ఏరా, ఫైలు కదిలిందా?" అన్నారు నాన్నగారు.

"కదిలింది నాన్నగారూ. వాళ్ళు లేదన్నారు. మేము అయోవా వెళుతున్నాం."

"అదెక్కడుంది?"

"ఇక్కడికి ఉత్తరాన. చలి ఎక్కువట."

"అయితే స్వెట్టర్లు కొనుక్కోండి" అన్నారాయన, తెనాలిలో ఏప్రిల్ ఎండకి విసనకర్ర విసురుకుంటూ.