చైన్‌కి ఏది వెయ్యాలి?

ఎర్రమట్టి రోడ్డు మీద తిరిగిన బండి చైన్‌ని వేలితో తాకితే నల్లటి ముద్ద అంటుకుంటుంది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. స్ప్రే జిగురుకి దుమ్ము పట్టి అలా తయారవుతుంది, అదే స్ప్రాకెట్ పళ్లని అరగదీస్తుంది. అందుకే మన దుమ్ముకీ వానకీ కలిపి ఒకటే ఎంచుకోమంటే నేను 90 నంబర్ గేర్ ఆయిల్ అంటాను. ఓ-రింగ్ చైన్‌లో పిన్నుల గ్రీజు లోపలే సీలై ఉంటుంది. బయట కావాల్సింది తుప్పు పట్టకుండా, రోలర్లు అరగకుండా పల్చటి పొర మాత్రమే.

గేర్ ఆయిల్ చక్రం మీదకి చిమ్ముతుంది కదా అంటారు. నిజమే, కానీ చిమ్మేది ఎక్కువైన నూనె. రాత్రి చైన్ లోపలి వైపు వేసి, పొద్దున గుడ్డతో గట్టిగా తుడిస్తే చాలావరకు ఆగుతుంది. వానకి త్వరగా కొట్టుకుపోతుందన్నదీ నిజమే. తడిసిన ప్రతిసారీ మళ్లీ వెయ్యాలి, చవక కాబట్టి వెయ్యగలం. వ్యాక్స్‌కి దుమ్ము తక్కువే అంటుతుంది, ఎండాకాలానికి అదే మేలు. కాకపోతే శుభ్రంగా, పొడిగా ఉన్న చైన్‌కే సరిగ్గా పడుతుంది, ముసురులో అది కుదరదు.

వానల్లో మీరేం వేస్తున్నారు? లింకుల అంచున నారింజ రంగు తుప్పు కనిపిస్తోందా? చెప్పండి.